ఎరుపు, పసుపు కలిస్తే ఏం తగ్గుతుంది?

ఎరుపులో పసుపు కలిపితే నారింజ రంగు వస్తుందని రెండో తరగతి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్రష్షు చేతికిచ్చి కాసేపు వదిలేస్తే వాళ్ళే కనిపెడతారు. చొక్కాలకూ బెంచీలకూ కూడా కాస్త పూస్తారు. చిక్కంతా ఆ తర్వాత వచ్చే ‘ఎందుకు టీచర్?’ అన్న ప్రశ్నతోనే.

దీనికి పెద్దవాళ్ళ దగ్గర సాధారణంగా రెండు జవాబులుంటాయి. ‘రెండూ కలిశాయి కాబట్టి’ అన్నది మొదటిది. అది జవాబు కాదు, పిల్లవాడి ప్రశ్నను వాడికే తిప్పి ఇవ్వడం. రెండోది కాస్త తెలివైనది. ఇంద్రధనుస్సులో ఎరుపుకూ పసుపుకూ మధ్య ఉండేది నారింజే, కాబట్టి ఆ రెండూ కలిస్తే మధ్యలోది వస్తుందని చెబుతాం. వినడానికి బాగానే ఉంటుంది. పిల్లలూ తలూపుతారు. కానీ అదే లెక్కన ఎరుపూ ఆకుపచ్చా కలిపి చూడండి. ఇంద్రధనుస్సులో ఆ రెంటికీ మధ్య ఉన్నది పసుపు. పళ్ళెంలో వచ్చేది మాత్రం బురద రంగు.

ఈ ప్రశ్నలో ఉన్న మోసం అదే. నారింజ రంగు విషయంలో తప్పు వివరణ కూడా ఒప్పు ఫలితాన్నే చూపిస్తుంది. అందుకే ఆ వివరణ తప్పని ఎవరికీ అనుమానం రాదు.

గోదావరి జిల్లాలో ఒక చిన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరమ్మ ఈ పాఠాన్ని ఇంకోలా చెబుతారు. చెప్పేది తక్కువ, ఆడించేది ఎక్కువ. మాటలన్నీ కలిపితే ఏడెనిమిది నిమిషాలు దాటవు. నేను వెళ్ళిన రోజు ఆమె రంగు డబ్బా మూత కూడా తీయకుండా పాఠం మొదలుపెట్టారు.

ముందుగా వరండాలో ఎండ పడే చోట పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో చిన్న అద్దాన్ని ఏటవాలుగా ఆనించారు. నీళ్ళు కదలడం ఆగగానే ఎదుటి గోడ మీద ఇంద్రధనుస్సు ముక్క ఒకటి పడింది. పిల్లలు కేకలు పెట్టారు.

“ఎండ ఏ రంగురా?” అని అడిగారు.

“తెలుపు టీచర్!”

“మరి గోడ మీద ఇన్ని రంగులెక్కడివి? నేనేమన్నా పూశానా? ఇవన్నీ ఎండలో ముందు నుంచీ ఉన్నవే. కలిసి ఉన్నప్పుడు తెల్లగా కనిపిస్తాయి, విడిపోతే ఇలా కనిపిస్తాయి. చాలా రంగులున్నాయి కానీ ఇవాళ మనం మూడు జట్లుగా చేసుకుందాం. ఎరుపు జట్టు, ఆకుపచ్చ జట్టు, నీలం జట్టు.”

ఆటస్థలంలోకి తీసుకెళ్ళి ఇరవై నలుగురు పిల్లల్ని ఎనిమిది మంది చొప్పున మూడు జట్లు చేశారు. ఒక్కో జట్టు చేతికి ఆ రంగు రిబ్బను కట్టారు. మిగిలిన నలుగురినీ ప్రహరీ గోడకు ముందు నిలబెట్టారు. గోడ తెల్ల కాగితం. జట్ల పిల్లలు ఎండ. వాళ్ళు గీత దగ్గర్నుంచి పరుగెత్తి, గోడను ముట్టుకుని వెనక్కి రావాలి. ఎవరు తిరిగొస్తారో వాళ్ళే మన కంటికి చేరే వెలుగు.

మొదటి పరుగులో నలుగురినీ పక్కకు తప్పుకోమన్నారు. ఇరవై నలుగురూ తిరిగొచ్చారు. “వచ్చిన వెలుగంతా తిరిగొచ్చింది. అందుకే తెల్ల కాగితం తెల్లగా ఉంటుంది” అన్నారు టీచరు.

రెండో పరుగులో నలుగురికీ పసుపు టోపీలు పెట్టారు. నియమం ఒక్కటే: పసుపు టోపీ వాడు నీలం రిబ్బను వాళ్ళనే పట్టుకోవాలి. మిగతా వాళ్ళ జోలికి పోకూడదు. పట్టుబడిన వాళ్ళు అక్కడే కూర్చోవాలి. ఎనిమిది మంది నీలం పిల్లలూ కూర్చున్నారు. ఎరుపు ఎనిమిది, ఆకుపచ్చ ఎనిమిది తిరిగొచ్చాయి. మూడో పరుగులో ఎర్ర టోపీలు. ఎర్ర టోపీ వాడు నీలాన్నీ పడతాడు, ఆకుపచ్చనీ పడతాడు. ఈసారి తిరిగొచ్చింది ఎనిమిది ఎర్ర రిబ్బన్లే.

“చూశారా, ఎర్ర రంగు తన దగ్గర్నుంచి ఎరుపు తెచ్చి పెట్టలేదు. మిగతావాటిని ఆపేసింది, అంతే. ఎరుపు ఎండలోదే” అన్నారామె.

నాలుగో పరుగు అసలైనది. మూడు పసుపు టోపీలు, ఒక ఎర్ర టోపీ. నీలం వాళ్ళు ఎటు పోయినా తప్పించుకోలేరు, ఎందుకంటే ఇద్దరూ పట్టుకుంటారు. ఎర్ర రిబ్బను వాళ్ళకు భయమే లేదు, వాళ్ళను పట్టేవాళ్ళే లేరు. తేడా అంతా ఆకుపచ్చ వాళ్ళ దగ్గరే. పసుపు టోపీ వైపు పరుగెత్తిన వాళ్ళు బతికిపోతారు, ఎర్ర టోపీకి దొరికిన వాళ్ళు కూర్చుంటారు. ఆ ఎర్ర టోపీ పిల్ల చురుకైనది, ఐదుగురిని పట్టేసింది. ఎర్ర రిబ్బన్లు ఎనిమిదీ, ఆకుపచ్చ రిబ్బన్లు మూడూ తిరిగొచ్చాయి.

“ఎరుపు నిండుగా, ఆకుపచ్చ కొంచెంగా. ఇదే నారింజ రంగు” అని టీచరు మాట ముగించబోతుంటే ముందు వరసలోని పాప లేచింది. “మరి ఆకుపచ్చ ఎక్కడుంది టీచర్? నారింజలో నాకు ఆకుపచ్చ కనపడట్లేదు.”

ఈ ప్రశ్న రాకపోతే పాఠం సగంలోనే ఆగిపోయినట్టు. టీచరు దానికి సిద్ధంగానే ఉన్నారు. ఫోను తీసి తెర నిండా పసుపు రంగు పెట్టి, తడి వేలితో తెర మీద చిన్న నీటి చుక్క పెట్టారు. చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే వంగి చూశారు. చుక్క కింద పసుపు లేదు. సన్నటి ఎర్ర గీతలు, ఆకుపచ్చ గీతలు మెరుస్తున్నాయి, అంతే. తర్వాత తెర నిండా నారింజ రంగు పెట్టారు. ఎరుపు అలాగే ఉంది, ఆకుపచ్చ మసకబారింది.

“ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ సమానంగా కంట్లో పడితే మనకు పసుపులా అనిపిస్తుంది. ఆకుపచ్చ తగ్గితే నారింజలా అనిపిస్తుంది. ఇంకా తగ్గితే ఎరుపే. ఆ రెండూ కలిసేది మీ కంట్లో అమ్మా” అని చెప్పి, అప్పుడు రంగు డబ్బాల మూతలు తీశారు.

ఆ ఆటలోని లెక్క ఊరికే కుదిరినదైనా, దాన్ని కంప్యూటర్ లెక్కతో పోల్చితే సరదాగా ఉంటుంది. వెబ్ పేజీల రంగుల పట్టికలో ‘ఆరెంజ్’ అనే పేరుకు స్థిరమైన అంకెలున్నాయి: ఎరుపు 255, ఆకుపచ్చ 165, నీలం 0. ఒక్కోదానికి గరిష్ఠం 255. అంటే ఎరుపు పూర్తిగా వెలగాలి, నీలం ఆరిపోవాలి. ఆకుపచ్చ 165 అన్నది చూడటానికి అరవై ఐదు శాతంలా ఉంటుంది కానీ తెర అంకెలు వెలుగుకు నేరు కొలతలు కావు. ఆ అంకె దగ్గర తెర వదిలే ఆకుపచ్చ వెలుగు గరిష్ఠంలో 38 శాతం దాకా ఉంటుంది. ఎనిమిది మందిలో ముగ్గురు అంటే ముప్ఫై ఏడున్నర శాతం. మళ్ళీ ఆడిస్తే నలుగురు తప్పించుకోవచ్చు, ఇద్దరే మిగలవచ్చు. అప్పుడు నారింజ కాస్త పసుపు వైపో ఎరుపు వైపో జరుగుతుంది. రంగు పళ్ళెంలో జరిగేదీ అదే.

ఇక్కడ ఆ పిల్లలకు చెప్పనిది, మనం తెలుసుకోవలసినది కొంచెం ఉంది. కంటి లోపలి తెర మీద రంగు తెలుసుకునే శంకు కణాలు మూడు రకాలు. ఒక రకం పొడవాటి తరంగాలకు, ఒక రకం మధ్యస్థ తరంగాలకు, ఇంకో రకం పొట్టి తరంగాలకు ఎక్కువగా స్పందిస్తాయి. గోడ మీది ఇంద్రధనుస్సులో అసలైన నారింజ వెలుగు ఒకటుంది. దాని తరంగదైర్ఘ్యం 600 నానోమీటర్లకు అటూ ఇటూ. అది కంట్లో పడితే మొదటి రకం బాగా, రెండో రకం కొంచెం స్పందిస్తాయి, మూడోది దాదాపు పలకదు. ఫోను తెరలో ఆ వెలుగు ఉండాల్సిన పనే లేదు. నిండు ఎరుపూ మసక ఆకుపచ్చా కలిసి ఆ కణాలను అదే పాళ్ళలో కదిలిస్తాయి. మెదడుకు అందే కబురు ఒక్కటే కాబట్టి రెండూ దానికి ఒకేలా తోస్తాయి.

ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్నవాడు న్యూటన్. 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ అనే పుస్తకంలో ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో మన నారింజ కూడా ఉంది. పట్టకం నుంచి వచ్చిన ఎరుపు వెలుగునూ పసుపు వెలుగునూ ఒకే చోట పడేస్తే నారింజ కనిపిస్తుంది. అది ఇంద్రధనుస్సులోని నారింజకు చూపులో ఏమీ తీసిపోదు. కానీ ఆ రెండు నారింజలనూ మళ్ళీ పట్టకం గుండా పంపితే గుట్టు బయటపడుతుంది. ఇంద్రధనుస్సు నారింజ విడిపోదు, కలిపి చేసినది ఎరుపు, పసుపులుగా విడిపోతుంది.

అంత పెద్దాయన చెప్పిన తర్వాత కూడా వెలుగులు కలవడానికీ రంగులు కలవడానికీ ఉన్న తేడా చాలాకాలం నలిగింది. దాన్ని స్పష్టంగా విడదీసినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, 1852లో. ఆయన చూపిన తేడా నీలం, పసుపుల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ రెండు వెలుగుల్ని తెర మీద కలిపితే తెలుపు వస్తుంది, ఆ రెండు రంగుల్ని పళ్ళెంలో కలిపితే ఆకుపచ్చ వస్తుంది. వెలుగుల్ని కలిపితే కంటికి చేరేది పెరుగుతుంది. రంగుల్ని కలిపితే తగ్గుతుంది. ఎరుపు, పసుపు జత మాత్రం ఎటు నుంచి వచ్చినా నారింజ దగ్గరే ఆగుతుంది. అందుకే పిల్లలకు మొదటి పాఠంగా ఇది సులువు, టీచరుకు పరీక్షగా ఇది కష్టం.

రంగు డబ్బాలు తెరిచాక ఏం జరిగిందో చెప్పాలి. చాలా మంది పిల్లలు రెండు రంగులూ చెరి సగం వేసి కలిపారు. వాళ్ళకు వచ్చింది నారింజ కాదు, కొంచెం వెలిసిన ఎరుపు. ఎక్కువ పోస్టర్ కలర్లలో ఎరుపు బలమైనది, పసుపు బలహీనమైనది. నాలుగు టోపీల్లో రెండు ఎర్రవైతే ఆకుపచ్చ పిల్లలెవరూ మిగలరు కదా, అలాగే. కాబట్టి ముందు పళ్ళెంలో పసుపు వేయాలి. బ్రష్షు కొసతో ఎరుపును చిటికెడు అంటించి కలపాలి, చూడాలి, మళ్ళీ చిటికెడు. ఎరుపులోకి పసుపు పోస్తూ పోతే డబ్బా సగమైనా నారింజ రాదు. పాళ్ళు ఇంతని అంకెల్లో చెప్పడం కుదరదు, కంపెనీని బట్టీ డబ్బాను బట్టీ మారతాయి.

ఇంకో ఇద్దరు పిల్లల పళ్ళెంలో ఇటుక రంగు వచ్చింది. బ్రష్షు కడిగిన నీళ్ళు అప్పటికే నీలంగా ఉన్నాయి. నీలం రంగు ఎరుపు వెలుగును పట్టేస్తుంది. అప్పటిదాకా ఎవరూ ముట్టని ఎర్ర రిబ్బను పిల్లలు కూడా కూర్చోవలసి వస్తుంది. ఎరుపు తగ్గి, ఆకుపచ్చ ఇంకా తగ్గి, మొత్తంగా వెలుగు మందగించిన నారింజనే మనం గోధుమ రంగు అంటాం. అది వేరే కుటుంబం కాదు. పిల్లల నారింజ మట్టి రంగులోకి తిరుగుతోందంటే రంగు మీద కాదు, ముందు నీళ్ళ గ్లాసు మీద అనుమానపడాలి. బ్రష్షు కడగడానికో గ్లాసు, తడపడానికో గ్లాసు వేరుగా పెడితే ఈ బెడద సగం పోతుంది.

ఈ పాఠాన్ని తేలిక చేద్దామని కొందరు టీచర్లు రంగు గ్లాసు పేపర్లు తెస్తారు. ఎర్ర పేపరు మీద పసుపు పేపరు పెట్టి కిటికీకి పట్టి చూపిస్తారు. కనిపించేది ఎరుపే, నారింజ కాదు. పిల్లలు తికమకపడతారు, టీచరు ఇంకా ఎక్కువ. కారణం మన ఆటలోనే ఉంది. గ్లాసు పేపర్లను ఒకదాని మీద ఒకటి పెడితే ప్రతి వెలుగు కిరణమూ రెండింటినీ దాటాలి. పసుపు పేపరు దగ్గర బతికిన ఆకుపచ్చ, తర్వాతి ఎర్ర పేపరు దగ్గర చచ్చినట్టు పట్టుబడుతుంది. కలిపిన రంగులో అలా కాదు. ఎర్ర రేణువులూ పసుపు రేణువులూ కలగాపులగంగా ఉంటాయి. లోపలికి వెళ్ళిన వెలుగు కొన్ని రేణువులకు తగిలి, చెదిరి, పైకి వస్తుంది. దారిలో ఎర్ర రేణువు తగలని ఆకుపచ్చ వెలుగు కొంత బయటపడుతుంది. ఆ కొంచెమే నారింజను ఎరుపు నుంచి వేరు చేస్తుంది. ఇలా పట్టేసే గుణాన్నీ చెదరగొట్టే గుణాన్నీ కలిపి లెక్కగట్టే పద్ధతిని 1931లో కుబెల్కా, మంక్ అనే ఇద్దరు ప్రచురించారు. పెయింటు దుకాణంలో గోడ రంగును మీ నమూనాకు సరిపోల్చే లెక్కలకు ఇప్పటికీ అదే పునాది.

రేణువులు కలిసినా మారిపోవని చూడాలంటే సంక్రాంతి ముగ్గుల రంగులు చాలు. ఎర్ర పొడీ పసుపు పొడీ పొడిగానే కలిపి నాలుగడుగుల దూరం నుంచి చూస్తే నారింజ. దగ్గరకొచ్చి భూతద్దం పెడితే ఎర్ర రేణువు ఎర్రగా, పసుపు రేణువు పసుపుగా పక్కపక్కనే ఉంటాయి. మీ చేతిలో ఉన్న ఈ పత్రిక అట్ట మీద నారింజ రంగు బొమ్మ ఉంటే అదీ చూడండి. మామూలు రంగుల ముద్రణలో నారింజ సిరా ఉండదు. పసుపు చుక్కలూ, మెజెంటా అనే ముదురు గులాబీ చుక్కలూ ఉంటాయి.

తరగతిలో ఒక పిల్లవాడు నన్ను నిజంగా ఆకట్టుకున్నాడు. “మా నాయనమ్మ పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది టీచర్. మరి అందులో ఎరుపు ఎవరు వేశారు?” అన్నాడు. పారాణి చూసిన పిల్లవాడికి రావలసిన ప్రశ్నే. ఇక్కడే చాలామంది ‘అదీ అంతేరా’ అని దాటేస్తారు. అది అంతే కాదు. సున్నంలో ఏ ఎరుపూ లేదు. పసుపు కొమ్ములో ఉండే కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగలగానే తానే మారి ఎర్రబారుతుంది. అప్పటిదాకా నీలం రిబ్బను వాళ్ళనే పట్టినవాడు టోపీ మార్చుకుని ఆకుపచ్చ వాళ్ళనూ పట్టడం మొదలుపెట్టాడన్నమాట. ఇది రసాయన మార్పు, రంగుల కలయిక కాదు.

రెండింటి తేడా పిల్లలకు కళ్ళారా చూపించవచ్చు. సున్నం కళ్ళలో పడితే ప్రమాదం కాబట్టి పిల్లల చేతికి ఇవ్వొద్దు. పసుపు నీళ్ళలో సబ్బు నీళ్ళు పోసినా ఎర్రబారుతుంది. అందులో నిమ్మరసం పిండండి, మళ్ళీ పసుపు పచ్చగా తిరుగుతుంది. పళ్ళెంలోని నారింజ పెయింటులో నిమ్మరసం ఎంత పిండినా పసుపు తిరిగి రాదు. దాన్ని విడదీయాలంటే వేరే దారి. సుద్దముక్క అడుగు నుంచి వేలెడు పైన నారింజ స్కెచ్ పెన్నుతో చుట్టూ చుక్కలు పెట్టి, పళ్ళెంలో కొద్దిగా నీళ్ళు పోసి సుద్దముక్కను నిలబెట్టండి. చుక్కలు నీళ్ళలో మునగకూడదు. నీళ్ళు సుద్దలో పైకి పాకుతూ రంగును లాగుతాయి. చాలా పెన్నుల్లో పసుపొక పట్టీగా, గులాబీయో ఎరుపో ఇంకో పట్టీగా విడిపోతాయి. విడిపోకపోతే ప్రయోగం చెడిందనుకోవద్దు. ఆ పెన్నులో ఒకే నారింజ అద్దకం వాడారని అర్థం.

అవును, నారింజ కావడానికి ఎరుపూ పసుపూ ఉండి తీరాలని ఏమీ లేదు. క్యారెట్‌లో ఎవరూ రెండు రంగులు కలపలేదు. అందులోని బీటా కెరొటీన్ ఒక్కటే నీలాన్ని పూర్తిగా, నీలం వైపు ఉన్న ఆకుపచ్చను కొంతగా పట్టేస్తుంది. మిగిలినది నారింజ. ఏ దారిన వచ్చినా కంటికి చేరే పాళ్ళే లెక్క. ఈ మాట ఏడేళ్ళ పిల్లలకు అక్కర్లేదు కానీ, ‘నారింజ అంటే ఎరుపు, పసుపుల బిడ్డ’ అని వాళ్ళ నోట్సులో రాయించే టీచరుకు అవసరం. ఎరుపును మూలరంగు అనీ, దాన్ని దేన్నీ కలిపి చేయలేమనీ రాయించడం కూడా అలాంటిదే. పత్రిక అట్ట మీది ఎరుపు పసుపు సిరా, మెజెంటా సిరా కలిసి చేసినదే.

ఆ టీచరమ్మ పద్ధతిలో నాకు నచ్చని సంగతి ఒక్కటుంది. ఇంద్రధనుస్సును మూడు జట్లుగా విడగొట్టడం. నిజంగా వెలుగులో అలాంటి గీతలేవీ లేవు, ఒక రంగు ఇంకో రంగులోకి జారిపోతుంటుంది. అసలైన పసుపు వెలుగు, అసలైన నారింజ వెలుగు ఆ ఆటలో ఎక్కడా పరుగెత్తవు. పై తరగతుల్లో ఎవరో ఒకరు దీన్ని సరిదిద్దాలి. అయినా రెండో తరగతికి ఇంతకన్నా నిజానికి దగ్గరగా ఉండే ఆట నాకు తోచలేదు. కంట్లో ఉన్న కణాలు కూడా మూడు రకాలే కాబట్టి ఆ విభజన పూర్తిగా కల్పితమూ కాదు.

చివరగా ఒక మాట టీచర్లకూ తల్లిదండ్రులకూ. నారింజ రంగు పూర్తయ్యేది కంట్లోనే కాబట్టి, ఆ కణాల్లో ఒక రకం లోపించిన పిల్లలకు ఈ పాఠం సాగదు. వాళ్ళకు నారింజకూ లేత ఆకుపచ్చకూ, గోధుమ రంగుకూ ముదురు ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. ఇది పుట్టుకతో వచ్చేది, అబ్బాయిల్లో ఎక్కువ, అమ్మాయిల్లో బాగా అరుదు. ఆకులకు గోధుమ రంగు వేసే పిల్లవాడు, నారింజ కలపమంటే పచ్చటి ముద్ద తెచ్చి చూపించే పిల్లవాడు అల్లరి చేస్తున్నాడనో శ్రద్ధ లేదనో అనుకుని తిట్టకండి. కంటి డాక్టరు దగ్గర ఇషిహారా పలకల పరీక్ష కొద్ది నిమిషాల పని. అంకెలు చదవడం రాని పిల్లల కోసం వేలితో గీత వెంట వెళ్ళే పలకలు కూడా అందులో ఉంటాయి. దీనికి మందు లేదు. కానీ రైలు డ్రైవరు వంటి కొన్ని ఉద్యోగాలకు రంగుల చూపు తప్పనిసరి కాబట్టి, ఆ సంగతి ఉద్యోగ పరీక్ష దగ్గర కాకుండా బడి వయసులోనే తెలియడం మేలు. రంగుల పాఠం రోజున అనుమానం వస్తే ఆ వారంలోనే పరీక్ష చేయించండి.